ఓడ ఆలస్యమైతే దుకాణం ఖాళీ: సేఫ్టీ స్టాకు ఎంత ఉంచాలి?

*ప్రశ్న: మాది తాడిపత్రి. గ్రానైట్ పాలిష్ యూనిట్లకు అబ్రాసివ్‌లు, అంటే పాలిష్ మిషన్ తలలకు బిగించే రాళ్లు, చైనా నుంచి తెప్పించి అమ్ముతాం. గరుకుతనాన్ని బట్టి ఎనిమిది నంబర్లు, అన్నీ కలిపి ఒక ఇరవై అడుగుల కంటైనర్. షియామెన్‌లో ఎక్కి చెన్నైలో దిగుతుంది. 220 నంబరు రోజుకు సగటున 50 పీసులు పోతాయి, మిగతావీ కాస్త అటూ ఇటుగా అంతే. నంబరుకు 3,000 చొప్పున ఆర్డర్ పెడతాం. దుకాణానికి చేరేసరికి పీసు 120 పడుతుంది, 150కి అమ్ముతాం. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ 12 శాతం.*

*మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు ఎక్సెల్‌లో లెక్క వేసి నంబరుకు 528 పీసులు సేఫ్టీ స్టాకు, అంటే ఆలస్యమైతే ఆదుకోవడానికి అదనంగా ఉంచే సరుకు, ఉంటే చాలన్నాడు. చేతిలో ఉన్నదీ దారిలో ఉన్నదీ కలిపి సుమారు 3,730కి దిగగానే ఆర్డర్ పెడుతున్నాం. టాలీలో రోజూ చూస్తాం. అయినా ఇరవై నెలల్లో రెండుసార్లు సరుకు అయిపోయింది. ఒక కంటైనర్ సింగపూర్‌లో ఆగిపోయింది, ఇంకొకటి వాళ్ల పండగ సెలవుల్లో ఇరుక్కుంది. మొదటిసారి బావ కంగారుపడి ఇంకో కంటైనర్ ఆర్డర్ పెట్టేశాడు. అది, మామూలుగా వేసింది ఒకే వారంలో దిగి ఓవర్‌డ్రాఫ్ట్ నిండిపోయింది. పాత కస్టమర్లు ఇద్దరు వెళ్లిపోయారు. ఇప్పుడు బావ ఆరు నెలల సరుకు తెచ్చి పెట్టుకుందాం అంటాడు. నాన్న "గోడౌన్లో పడున్నది సరుకు కాదురా, అప్పు" అంటారు. భోజనాల దగ్గర కూడా ఇదే గొడవ. ఆర్డర్ పెట్టిన రోజు నుంచి దుకాణంలో దిగే వరకు పట్టిన రోజులు వరసగా ఇవి: 52, 58, 55, 61, 57, 83, 54, 60, 96, 64. ఏం చేయమంటారు?*

*— పేరు వద్దు, తాడిపత్రి*

జవాబు: ఆ పది అంకెలు పంపారు చూడండి, అందుకు మీకు ముందు దండం పెట్టాలి. నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్సులో చాలా ఏళ్లు చేశాను. విదేశీ బేరింగ్ ఎన్ని రోజుల్లో వస్తుందని అడిగితే "రెండు మూడు నెలలండీ" అని గాల్లో చెప్పేవాళ్లమే గానీ ఎవరూ రాసి పెట్టేవాళ్లం కాదు. మీరు రాసుకున్నారు కాబట్టి నాన్నదీ బావదీ పక్కనపెట్టి అంకెలతో మాట్లాడుకోవచ్చు.

మీ మేనల్లుడి తప్పు నుంచి మొదలుపెడతాను. వాడు వేసిన లెక్క పుస్తకాల్లో మొదట కనిపించేదే. రోజు అమ్మకం సగటు 50 అయినా ఒక రోజు 10 పోతాయి, ఒక రోజు 110 పోతాయి. ఆ హెచ్చుతగ్గును వాడు 40గా తీసుకున్నట్టున్నాడు. సరుకు రావడానికి సగటున 64 రోజులు, 95 శాతం భరోసాకు గుణకం 1.65. ఇవి పెడితే సరిగ్గా 528 వస్తుంది:

```
=1.65*40*SQRT(64)
```

గుణకారంలో తప్పేమీ లేదు. కానీ ఈ లెక్క ఒక మాటను చప్పుడు చేయకుండా నమ్మేస్తోంది: సరుకు ప్రతిసారీ 64వ రోజునే దిగుతుందని. బెంగళూరు నుంచి రాత్రి లారీ ఎక్కే సరుకుకైతే ఆ నమ్మకం చెల్లుతుంది. ఓడ మీద వచ్చేదానికి చెల్లదు. మీ ఇబ్బంది కొనేవాళ్ల దగ్గర లేదు, రోజుల్లో ఉంది. రోజుకు 50 పోయేచోట ఓడ 14 రోజులు ఆలస్యమైతే 700 పీసులు ఎగిరిపోతాయి. అదే 64 రోజుల్లో కొనేవాళ్ల హెచ్చుతగ్గులన్నీ కలిపినా 320 దగ్గరే ఉంటాయి. మేనల్లుడు చిన్నదాన్ని లెక్కపెట్టి పెద్దదాన్ని వదిలేశాడు.

రెండూ కలిపే సూత్రం ఇది:

```
SS = z × √(L × σd² + d² × σL²)
```

ఇక్కడ `SS` సేఫ్టీ స్టాకు, `z` భరోసా గుణకం 1.65, `L` సగటు రోజులు, `d` రోజు సగటు అమ్మకం, `σd` అమ్మకంలో హెచ్చుతగ్గు, `σL` రోజుల్లో హెచ్చుతగ్గు. ఆ చివరిది ఎక్సెల్‌ చెబుతుంది. పది అంకెలు B కాలమ్‌లో రెండో గడి నుంచి కిందికి వేసి `=STDEV.S(B2:B11)` కొట్టండి, 14.2 వస్తుంది. ఇప్పుడు పూర్తి లెక్క:

```
=1.65*SQRT(64*40^2 + 50^2*14.2^2)
```

జవాబు సుమారు 1,285. మీరు ఉంచింది అందులో సగానికన్నా తక్కువ. 64 రోజుల అమ్మకం 3,200 కలిపితే ఆర్డర్ పెట్టాల్సిన గుర్తు సుమారు 4,500 అవుతుంది. రోజూ చూస్తారు కాబట్టి దానికి ఇంకేమీ కలపలేదు. వారానికోసారే చూసే దుకాణమైతే ఒక వారం అమ్మకం 350 అదనంగా పెట్టుకోవాలి.

ఈ గుర్తులను మీ పది కంటైనర్ల మీదే పరీక్షించండి. పాత గుర్తు 3,730 అంటే 74 రోజుల అమ్మకం. 83 రోజులు పట్టినప్పుడు తొమ్మిది రోజులు, 96 పట్టినప్పుడు 22 రోజులు దుకాణం ఖాళీగా ఉండి ఉండాలి. మీ కస్టమర్లు వెళ్లిపోయింది ఈ రోజుల్లోనే అనుకుంటాను. 4,500 అంటే 90 రోజులు. 83 రోజుల కంటైనర్ ఇబ్బంది లేకుండా దాటేది, 96 రోజుల దానికి ఆరు రోజులు తక్కువ పడేది.

"అంటే గోడౌన్లో 4,500 పెట్టుకుని కూర్చోవాలా?" అని నాన్న అడుగుతారు. అడగాలి కూడా. ఆయనకు ఇలా చూపించండి. రోజుకు 50 చొప్పున 3,000 పీసులు అరవై రోజుల్లో అయిపోతాయి, అంటే అరవై రోజులకోసారి ఆర్డర్ పెడతారు. సరుకు రావడానికేమో 64 రోజులు. కాబట్టి కొత్త ఆర్డర్ పెట్టే రోజున వెనకటి కంటైనర్ ఇంకా నాలుగు రోజుల దూరంలో ఉంటుంది. 4,500లో 3,000 ఆ కంటైనర్‌లోనివి, గోడౌన్లో ఉండేవి 1,500. అది దిగే రోజుకు అరల్లో మిగిలేవి 1,300. సేఫ్టీ స్టాకు అంటే ఆ 1,300 మాత్రమే. నాన్న భయపడాల్సింది దానికే. మేనల్లుడి లెక్క కంటే అది 757 పీసులు ఎక్కువ. ఎనిమిది నంబర్లూ ఇలాగే పోతాయనుకుంటే అదనపు పెట్టుబడి 7 లక్షల 27 వేలు, ఏడాదికి వడ్డీ సుమారు 87 వేలు.

రెండోవైపు పోయింది ఎంత? 31 రోజులు, రోజుకు 400 పీసులు, పీసుకు 30 లాభం. అంటే ఇరవై నెలల్లో 3 లక్షల 72 వేలు, ఏడాదికి 2 లక్షల 20 వేల పైమాట. వెళ్లిపోయిన ఇద్దరినీ ఇందులో కలపలేదు. పాలిష్ లైన్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. గరుకు నంబరు నుంచి నున్నటి నంబరు దాకా వరసగా అన్నీ ఉంటేనే మిషన్ నడుస్తుంది. 220 లేకపోతే యూనిట్ ఓనరు మిగతా ఏడూ మీ దగ్గర కొనడు, అన్నీ ఉన్నచోటికే పోతాడు. పైగా ఎనిమిదీ ఒకే ఓడలో వస్తాయి, ఆలస్యమైతే అన్నీ ఒకేసారి ఆలస్యం. అందుకే "ఒక నంబరు తగ్గినా ఇంకోటి ఉంటుందిలే" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఏ నంబరు ముందుగా గుర్తుకు దిగితే ఆ రోజే కంటైనర్ మొత్తం ఆర్డర్ పెట్టి, మిగతావి వాటి అమ్మకాన్ని బట్టి హెచ్చుతగ్గులు చేసి నింపండి.

ఇక్కడితో ఆపితే "4,500 పెట్టుకోండి" అన్నట్టు అవుతుంది. కానీ మీ అంకెలను ఇంకోసారి చూడండి. పదింటిలో ఎనిమిది 52కీ 64కీ మధ్యే ఉన్నాయి. ఆ ఎనిమిదీ చూస్తే మీ సప్లయర్ గడియారంలా పంపుతున్నాడు. హెచ్చుతగ్గు 14 రోజులకు పెరగడానికి కారణం రెండే రెండు కంటైనర్లు. సూత్రానికి అది తెలియదు. అది ముందూ వెనకా సమానంగా ఊగే గంట ఆకారాన్ని ఊహించుకుంటుంది. ఓడ ముప్పై రోజులు ముందు రావడం జరగదు, ముప్పై రోజులు వెనకపడటం జరుగుతుంది. కాబట్టి ఆ 95 శాతాన్ని శాసనంలా చూడకండి. ఆ రెండు కంటైనర్లకు ఏమైందో విడిగా చూడాలి.

96 రోజులది వాళ్ల పండగ సెలవుల్లో ఇరుక్కుందన్నారు. అది అనుకోని ఆలస్యం కాదు, క్యాలెండర్‌లో ముందే అచ్చయి ఉన్న ఆలస్యం. చైనా కొత్త సంవత్సరం 2026లో ఫిబ్రవరి 17న, 2027లో ఫిబ్రవరి 6న. దానికి ముందూ వెనకా కలిపి ఫ్యాక్టరీలు రెండు నుంచి నాలుగు వారాలు పనిచేయవు. కూలీలు సొంతూళ్ల నుంచి తిరిగొచ్చేదాకా సగం యంత్రాలే తిరుగుతాయి. సెలవులకు ముందు అందరూ ఓడల మీద పడతారు, చోటు దొరకదు. మన సంక్రాంతికి బస్టాండు ఎలా ఉంటుందో అలా. ఏడాదికోసారి, తెలిసిన తేదీకి వచ్చేదాని కోసం ఏడాది పొడవునా సేఫ్టీ స్టాకు మోయడం దండగ. దాన్ని ఆర్డర్ తేదీతో తీర్చుకోవాలి. తయారీకి మూడు వారాలు, ఓడ కట్-ఆఫ్, అంటే ఓడకు సరుకు అప్పగించే గడువు, కోసం ఒక వారం పెట్టుకుని, సరుకు జనవరి మొదటి వారంలోపు ఫ్యాక్టరీ గేటు దాటేలా నవంబరు చివర్లోనే ఆర్డర్ పెట్టండి, అప్పటికి స్టాకు గుర్తుకు దిగకపోయినా సరే. ఆ ఒక్కసారికి నంబరుకు వెయ్యి ఎక్కువగా వేయండి. తర్వాతి ఆర్డర్ ఆలస్యమైనా ఆ వెయ్యి 20 రోజులు లాగుతుంది.

అలా పండగను క్యాలెండర్‌కు అప్పగించి 96ను పక్కన పెడితే మిగిలిన తొమ్మిదింటి సగటు 60 రోజులు, హెచ్చుతగ్గు 9 రోజుల పైచిల్లర. అదే సూత్రంలో వేస్తే సేఫ్టీ స్టాకు సుమారు 920, గుర్తు 3,950. మొదటి లెక్కకు దీనికి నంబరుకు 365 పీసుల తేడా. ఎనిమిదింటికీ మూడున్నర లక్షలు మిగులుతాయి, ఏడాదికి 42 వేల వడ్డీ. నవంబరు ఆర్డర్ మరిచిపోయారంటే మాత్రం ఈ లెక్క మిమ్మల్ని నట్టేట ముంచుతుంది. మీ ఇంట్లో ఎవరు ఏది మరిచిపోతారో మీకే తెలియాలి.

ఇక 83 రోజులది. షియామెన్ నుంచి చెన్నైకి నేరుగా వచ్చే ఓడలున్నాయి, మధ్యలో సింగపూర్‌లోనో మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లోనో దింపి ఇంకో ఓడకు ఎక్కించేవీ ఉన్నాయి. రెండో రకం కిరాయి తక్కువ. కానీ అక్కడ రెండో ఓడ తప్పిందా, తర్వాతిది వచ్చేదాకా కంటైనర్ యార్డులోనే. 2024 మధ్యలో సింగపూర్‌లో ఇదే జరిగింది. ఎర్ర సముద్రం దారి మానుకుని ఆఫ్రికా చుట్టూ తిరిగిన ఓడలు వేళ తప్పి గుంపుగా వచ్చి పడ్డాయి. మీ సరుకు ఎర్ర సముద్రం ఛాయలకే పోదు, అయినా ఆ దెబ్బ తగులుతుంది. కాబట్టి సప్లయర్‌ను "ఫ్రైట్ ఎంత?" అని అడిగి ఊరుకోకండి, "డైరెక్టా, ట్రాన్స్‌షిప్‌మెంటా?" అని కూడా అడగండి. డైరెక్ట్ సర్వీసుకు కంటైనర్ మీద ఎంత ఎక్కువ అడుగుతారో, 42 వేల లాంటి వడ్డీ తేడాల పక్కన పెట్టి చూసుకోండి. ఏడాదికి మీవి ఆరు కంటైనర్లే.

చెన్నైలో పోయే రోజుల్లో మీ చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం, ఓడ రావడానికి ముందు రోజులోపు వేయాలన్నది నిబంధన. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆపైన రోజుకు 10,000 రుసుము. ఓడ రావడానికి 30 రోజుల ముందు నుంచీ వేయొచ్చు. చాలామంది సరుకు పోర్టులో ఆగేది కాగితాల వల్లే. సప్లయర్ ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు విడిపించుకునే పత్రం, కొరియర్లో పంపుతాడు, అది దారిలో ఉండగానే ఓడ వచ్చేస్తుంది. మీరు డబ్బు ముందే కట్టేసే సప్లయర్ అయితే టెలెక్స్ రిలీజ్ అడగండి, ఒరిజినల్ కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు. బ్యాంకు ద్వారా కాగితాలు నడిచే లావాదేవీ అయితే ఆ సౌకర్యం ఉండదు, ఆ నాలుగైదు రోజులు లెక్కలో ఉంచుకోవాల్సిందే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు మన చేతిలో లేనివి. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ వచ్చినప్పుడు చెన్నై పోర్టులో పని ఆగిపోయింది. సేఫ్టీ స్టాకు ఉన్నది ఇలాంటి వాటికోసమే.

బావ మాటలో న్యాయం లేకపోలేదు, దుకాణం ఖాళీగా ఉంటే కౌంటర్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది ఆ బాధ. కానీ ఆరు నెలల సరుకు అంటే నంబరుకు 9,000. మొత్తం మూడు కంటైనర్లు, 86 లక్షల పైమాట. రెసిన్ రాయి పాడయ్యేది కాదు కదా అనొచ్చు. మాగ్నసైట్ రకాలూ తెస్తుంటే వాటికి తేమ తగలకూడదు. అన్నిటికంటే, యూనిట్లు కోసే రాయి రంగూ గట్టితనమూ మారితే ఏ నంబరు ఎంత పోతుందో కూడా మారిపోతుంది. అప్పుడు మీ అరల్లో మిగిలేది ఎవరూ అడగనిదే.

కంగారులో వేసిన ఆ రెండో ఆర్డర్ గురించి బావతో ఒక్క మాట చెప్పండి. ఓడ ఆలస్యమైందని తెలిశాక వేసిన ఆర్డర్ ఇంకో రెండు నెలలకు గానీ రాదు. అది ఈ ఖాళీని పూడ్చదు, తర్వాత వచ్చే నిండుదనాన్ని రెట్టింపు చేస్తుంది. ఖాళీని పూడ్చేది దగ్గర్లో దొరికే సరుకే. బెంగళూరు దగ్గర జిగణిలో గ్రానైట్ యూనిట్లు చాలా ఉన్నాయి, వాటికి సరఫరా చేసే డీలర్లూ ఉన్నారు. అక్కడి నుంచి లారీ మరుసటి రోజుకు తాడిపత్రిలో ఉంటుంది. పీసు 145 పెట్టి కొని కిరాయి పోను మీకేమీ మిగలకపోవచ్చు, కానీ కస్టమర్ మిగులుతాడు. ఒక డీలర్‌తో ఇప్పుడే మాట్లాడి రేటు రాయించుకుని ఉంచండి, అవసరం పడ్డ రోజున అడిగితే రేటు వేరుగా ఉంటుంది. విమానంలో తెప్పిద్దామా అంటారేమో, ముప్పావు కిలో రాయికి విమాన కిరాయి రాయి ధరనే మించిపోతుంది.

ఈ జిగణి దారి ఉంటే లెక్క కూడా మారుతుంది. 3,950 గుర్తుతో 83 రోజుల కంటైనర్ మళ్లీ వస్తే మీకు నాలుగు రోజుల సరుకు తక్కువ పడుతుంది, అన్నీ కలిపి 1,600 పీసులు. అవి లాభం లేకుండా అమ్మితే పోయేది 48 వేలు, అదీ ఎప్పుడో ఒకసారి. దాన్ని తప్పించుకోవడానికి ప్రతి ఏటా 42 వేల వడ్డీ కట్టి 4,500 దాకా పోవాలా అన్నది మీరు ముగ్గురూ తేల్చుకోవాల్సింది. నన్నడిగితే 3,950, నవంబరు ఆర్డర్, జిగణి ఫోన్ నంబరు, ఈ మూడూ కలిపి పట్టుకుంటాను. జిగణిలో ఎవరూ ఒప్పుకోకపోతే, లేదా వచ్చే రెండు కంటైనర్లు కూడా ట్రాన్స్‌షిప్‌మెంట్‌లోనే రాక తప్పకపోతే 4,500 వైపే ఉంటాను. పాత 3,730 దగ్గరే ఉండిపోవడం కూడా ఒక దారే, కాకపోతే అప్పుడు జిగణి సరుకు అప్పుడప్పుడూ కొనేది కాదు, ప్రతి ఏటా కొనేది అవుతుంది.

రాసుకునే పుస్తకంలో ఒక్క మార్పు చేయండి. మొత్తం రోజులు ఒక్కటే కాకుండా ప్రతి కంటైనర్‌కూ ఆరు తేదీలు రాయండి: ఆర్డర్ పెట్టింది, ఫ్యాక్టరీలో సిద్ధమైంది, ఓడ కదిలింది, చెన్నై చేరింది, కస్టమ్స్ నుంచి బయటపడింది, దుకాణంలో దిగింది. వరసగా మూడు కంటైనర్లు 64 దాటాయంటే అది హెచ్చుతగ్గు కాదు, సగటే పెరిగిందన్నమాట. అప్పుడు సేఫ్టీ స్టాకు పెంచి లాభం లేదు, `L` మార్చి లెక్క మళ్లీ వేయాలి. చివరి కంటైనర్‌కు 64 పట్టింది కదా, దారిలో ఉన్నది ఇప్పుడు ఎక్కడుందో ముందు కనుక్కోండి.